మొదటి స్క్రీన్‌లో చిప్స్: అపోహలు - వాస్తవాలు

చాట్‌బాట్ తెరవగానే, టైప్ చేసే పెట్టె పైన మూడు నాలుగు గుండ్రటి అంచుల బటన్లు కనిపిస్తాయి. ఒకదాన్ని నొక్కితే అందులోని ప్రశ్న మనమే అడిగినట్టు వెళ్తుంది. మా పనిలో వాటిని చిప్స్ అంటాం. అలాంటి స్క్రీన్లకు మాటలు రాయడం నా ఉద్యోగం. కొంతకాలం కిందట మిరప, పత్తి రైతుల కోసం తయారైన ఒక తెలుగు చాట్‌బాట్‌కు పని చేశాను. అక్కడ మేం నమ్మి తప్పని తెలుసుకున్నవే ఇవి.

అపోహ: చిప్స్ అంటే మన దగ్గర ఏమేం ఉన్నాయో చూపించే మెనూ

మేం మొదట పెట్టిన నాలుగు చిప్స్: "పంటల సమాచారం", "తెగుళ్లు", "మార్కెట్ ధరలు", "వాతావరణం". తెర వెనుక ఉన్న నాలుగు విభాగాలకు నాలుగు పేర్లు. చూడటానికి పద్ధతిగానే ఉంది. కానీ రైతుల నుంచి వచ్చే మెసేజ్‌లు చూస్తే "మిరప", "ముడత", "ధర" అని ఒక్కో మాటే. ఫోన్‌లో తెలుగు టైప్ చేయడం కష్టం కాబట్టి అలా రాస్తున్నారని మేం అనుకున్నాం.

తర్వాత అదే సంస్థ ఫోన్ హెల్ప్‌లైన్‌లో కూర్చునే వాళ్లు రాసుకున్న నోట్‌బుక్ చదివాను. ఫోన్‌లో రైతులు ఒక్క మాటతో ఆపడం లేదు. నాటి ఎన్ని రోజులైంది, ఆకు ఎటు ముడుచుకుంది, ఇప్పటికే ఏ మందు కొట్టారు, అన్నీ చెబుతున్నారు. చాట్‌లో మాత్రం మా తెర ఒక్కో మాట చూపించింది కాబట్టి, ఇక్కడ ఇలాగే అడగాలి కాబోలు అనుకుని వాళ్లూ ఒక్కో మాటే రాశారు.

వాస్తవం: చిప్ ఒక నమూనా ప్రశ్న. దాన్ని నొక్కని మనిషి కూడా చదువుతాడు, చదివి తన ప్రశ్నను ఆ తీరులోనే రాస్తాడు. అందుకే సరైన జవాబుకు ఏ వివరం తప్పనిసరో ఆ వివరం చిప్‌లో కనిపించాలి.

మిరప ముడతనే తీసుకోండి. తామర పురుగులు ఆశిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుని ఆకు దోనెలా అవుతుంది. రైతులు దాన్ని పైముడత అంటారు. తెల్లనల్లి ఆశిస్తే ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా కనిపిస్తుంది. అది కింది ముడత. తామర పురుగుకు కొట్టే మందు చాలాసార్లు నల్లి మీద పనిచేయదు. అంటే "ముడత" అనే ఒక్క మాటకు జవాబే లేదు, తిరిగి రెండు మూడు ప్రశ్నలు అడగాల్సిందే. మేం చిప్‌ను "మిరప ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి, నాటి 40 రోజులైంది" అని మార్చాం. ఆ తర్వాత దాన్ని నొక్కనివాళ్లు కూడా "మాది కిందికి ముడుచుకుంది, 60 రోజుల తోట" అని రాయడం మొదలుపెట్టారు. రెండు వివరాలూ వాళ్లంతట వాళ్లే ఇచ్చారు. నాకు ఆ చిప్ మీద నమ్మకం కుదిరింది అక్కడే, దాన్ని ఎంతమంది నొక్కారో చూసి కాదు.

ఇంత నిర్దిష్టంగా రాస్తే ఇంకో ఇబ్బంది వస్తుంది. నాలుగూ మిరప తెగుళ్లే అయితే పత్తి రైతు ఇది తనకు కాదనుకుని బయటికి వెళ్లిపోతాడు. కాబట్టి పంట, పంట దశ, అడిగే తీరు ఒక్కో చిప్‌కు మారాలి. మా మిగతా మూడు ఇవి: "పత్తిలో గులాబీ రంగు పురుగుకు మందు ఎప్పుడు కొట్టాలి?", "ఈ రెండు మందులు కలిపి కొట్టొచ్చా?", "గుంటూరు యార్డులో ఈరోజు తేజ మిర్చి ధర". మందులు కలపడం గురించిన ప్రశ్న హెల్ప్‌లైన్ నోట్‌బుక్‌లో పదేపదే వచ్చింది, మా పాత నాలుగు విభాగాల్లో మాత్రం దానికి చోటే లేదు. మెనూ రాయడానికి కూర్చుంటే ఇలాంటి ప్రశ్న మనకు తట్టదు.

అపోహ: పాత చాట్‌లలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలే మంచి చిప్స్

ఇది వినడానికి న్యాయంగానే ఉంది, కానీ చిప్స్ పెట్టిన రోజు నుంచి ఆ చాట్‌లలో మన గొంతే ఎక్కువ వినిపిస్తుంది. "వాతావరణం" చిప్ ఉంటే వాతావరణం ప్రశ్నలు పెరుగుతాయి. వాటిని లెక్కపెట్టి "రైతులకు వాతావరణమే కావాలి" అనుకుంటే మన ప్రశ్నను మనమే మళ్లీ చిప్‌గా పెట్టుకున్నట్టు. మేం దీనికి రెండు పనులు చేశాం. నొక్కిన మెసేజ్‌కూ టైప్ చేసిన మెసేజ్‌కూ వేర్వేరు గుర్తు పెట్టాం. కొద్దిమందికి ఏ చిప్ లేకుండా ఖాళీ తెర చూపించి, వాళ్లు రాసిన మొదటి మెసేజ్‌లను విడిగా చదివాం. లెక్కలు వేసే ముందు అలాంటివి ఒక రెండు వందలైనా కళ్లతో చదవాలన్నది నా గట్టి అభిప్రాయం. సేవ ఇంకా మొదలే కాకపోతే హెల్ప్‌లైన్ నోట్లు, పురుగుమందుల షాపు కౌంటర్ దగ్గర ఒక పూట నిలబడి విన్న మాటలు సరిపోతాయి. ఒకరి మెసేజ్‌ను ఉన్నది ఉన్నట్టు చిప్‌గా పెట్టడం మాత్రం సరికాదు. ఊరి పేరు, మనిషి పేరు, అప్పు వివరం లాంటివి అందులో దొర్లుతాయి. తీరు ఉంచి వివరాలు మార్చాలి.

అపోహ: ఎక్కువమంది నొక్కితే చిప్ బాగున్నట్టే

"వాతావరణం" చిప్‌ను బాగా నొక్కేవారు. నొక్కి, ఫోన్‌లో రోజూ చూసేదే ఇక్కడా చూసి వెళ్లిపోయేవారు. ఇది పనిచేస్తుందా లేదా అని పరీక్షించడానికి నొక్కిన నొక్కులు అవి. వరుసలో మొదటి చిప్‌కు ఎప్పుడూ కొంచెం ఎక్కువ నొక్కులు పడతాయి కాబట్టి, స్థానాలు మార్చి మార్చి చూడకపోతే ఆ లెక్కకూ విలువ లేదు.

వాస్తవం: చూడాల్సింది రెండో మెసేజ్. చిప్ నొక్కాక ఆ మనిషి తన తోట గురించి ఏదైనా రాశాడా అన్నదే ప్రశ్న. దీని కోసం మేం ముడత చిప్ నొక్కగానే ప్రశ్న వెళ్లిపోకుండా, టైప్ చేసే పెట్టెలోకి వచ్చి ఆగేలా చేశాం. రైతు 40ని 55గా దిద్ది పంపొచ్చు. యార్డు ధర చిప్ మాత్రం నేరుగా వెళ్తుంది, అందులో దిద్దడానికి ఏమీ లేదు. ఒకసారి అన్ని చిప్స్‌నూ పెట్టెలోనే ఆపి చూశాం. పంపు బటన్ మళ్లీ నొక్కాలని తెలియక చాలామంది అక్కడే ఆగిపోయారు. అందుకే మార్పు అవసరమైన చిప్స్‌కే ఆ పద్ధతి ఉంచి, పెట్టె కింద "రోజులు మార్చి పంపండి" అని ఒక లైను రాశాం.

అపోహ: చిప్ ఎంత చిన్నదైతే అంత మంచిది

కొన్నిచోట్ల చిన్నదిగా ఉండక తప్పదు. వాట్సాప్ రిప్లై బటన్లు ఒక మెసేజ్‌కు మూడే, ఒక్కోదానికి 20 క్యారెక్టర్లే. తెలుగులో గుణింతం, ఒత్తు, సున్న కూడా విడి క్యారెక్టర్లు. "ఆకు పైకి ముడుచుకుంది" కంటికి తొమ్మిది అక్షరాలే, ఖాళీలతో కలిపి లెక్కిస్తే సరిగ్గా 20. ఇంగ్లిష్‌లో రాసి తర్వాత తెలుగు చేద్దామనుకునే టీమ్‌లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. అలాంటి చోట నేను పంట పేరు, రోజులు పై మెసేజ్‌లోకి తీసుకెళ్లి, "పైకి" అనే మాటను బటన్‌లోనే ఉంచుతాను. మందును నిర్ణయించేది ఆ మాటే.

ఇక ఈ నాలుగు చిప్స్ ఏడాదంతా ఇవే కాదు. జులైలో నారుమడి, నాటాక ముడత, ఫిబ్రవరి నుంచి యార్డు ధర ముందుకు వస్తాయి. మేం ఒక ఏడాది మార్చడం మరిచిపోయాం. మిరప కోతలు నడుస్తుండగా తెర మీద ఇంకా "నాటి 40 రోజులైంది" అనే ఉంది. ఆ వారాల్లో టైప్ చేసిన మెసేజ్‌లు మళ్లీ ఒక్కో మాటకు వచ్చాయి.