రెండుసార్లే కొని అమ్మాలంటే: నాలుగు అంకెల్లో ఇమిడే లెక్క

ఒక షేరు ధర వరుసగా ఆరు రోజులు 20, 45, 40, 70, 30, 90 రూపాయలు ఉందనుకుందాం. మహా అయితే రెండు లావాదేవీలు చేయవచ్చు. ఒకసారి కొని అమ్మితే ఒక లావాదేవీ. చేతిలో షేరు ఉండగా ఇంకొకటి కొనకూడదు, ఉన్నది అమ్మాకే మళ్లీ కొనాలి. ధరలన్నీ ముందే మన ముందున్నాయి. గరిష్ఠంగా ఎంత లాభం వస్తుంది? ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లకు ఇది లీట్‌కోడ్‌లో 123వ ప్రశ్నగా పరిచయమే.

చూడగానే తోచే దారులు రెండు. మొదటిది, అన్నిటికన్నా పెద్ద లాభమిచ్చే ఒక లావాదేవీని ముందు పట్టుకుని, మిగిలిన రోజుల్లో రెండోది వెతకడం. ఇక్కడ 20కి కొని 90కి అమ్మితే 70 వస్తుంది, కానీ ఆ ఒక్కటే ఆరు రోజులనూ మింగేస్తుంది. రెండోదానికి చోటే ఉండదు. ఇంకో దారి, ధర పెరిగిన ముక్కలన్నీ చూసి పెద్దవి రెండు ఏరుకోవడం. ఆ ముక్కలు 25, 30, 60. పెద్దవి రెండూ కలిపితే 90. అసలు జవాబు మాత్రం 110: 20కి కొని 70కి అమ్మాలి, తర్వాత 30కి కొని 90కి అమ్మాలి. మధ్యలో 45 నుంచి 40కి జారిన చిన్న పల్లాన్ని ఓర్చుకోవాలి, 70 నుంచి 30కి పడిన పెద్ద పల్లాన్ని తప్పించుకోవాలి. ఏ పల్లాన్ని ఓర్చుకోవాలో అక్కడికక్కడే తేల్చలేం, అందుకే రెండు దారులూ బోల్తా కొట్టాయి.

పోనీ అన్నీ ప్రయత్నిద్దామంటే నాలుగు రోజులు ఎంచుకోవాలి. లక్ష రోజుల జాబితాకు అలాంటి ఎంపికలు దాదాపు 4 × 10^18 ఉంటాయి. కంప్యూటర్‌కైనా అది అయ్యే పని కాదు.

ఇక్కడ పనికొచ్చే గమనింపు ఒకటుంది. ఏ రోజైనా సాయంత్రం మన పరిస్థితి ఈ నాలుగింటిలో ఒకటి: మొదటి షేరు చేతిలో ఉంది, మొదటి లావాదేవీ ముగిసింది, రెండో షేరు చేతిలో ఉంది, రెండోదీ ముగిసింది. (ఇంకా ఏమీ కొనని స్థితిలో డబ్బు ఎప్పుడూ సున్నాయే కాబట్టి దానికి వేరే చలరాశి అక్కర్లేదు.) రేపటి నుంచి ఏం చేయగలమన్నది మనం ఏ స్థితిలో ఉన్నాం, చేతిలో ఎంత డబ్బుంది అన్నవాటి మీదే ఆధారపడుతుంది. అక్కడికి ఏ రోజుల మీదుగా వచ్చామన్నది రేపటికి అనవసరం. కాబట్టి ఒక్కో స్థితికి చేరే దారులన్నిటిలో ఎక్కువ డబ్బు మిగిల్చినదాన్ని ఉంచుకుని తక్కినవి వదిలేయవచ్చు. ఆ నాలుగు గరిష్ఠ మొత్తాలే b1, s1, b2, s2.

```
b1 = b2 = -prices[0]
s1 = s2 = 0
for p in prices:
    b1 = max(b1, -p)
    s1 = max(s1, b1 + p)
    b2 = max(b2, s1 - p)
    s2 = max(s2, b2 + p)
```

ప్రతి వరుసా ఒకే ప్రశ్న వేస్తుంది: నిన్నటిలాగే ఉండిపోవడం మేలా, ఇవాళ్టి ధరకు ఈ స్థితిలోకి మారడం మేలా? కొంటే ధర తీసేస్తాం, అమ్మితే కలుపుతాం. చివర్లో s2 మన జవాబు. జాబితా ఖాళీగా వచ్చే అవకాశం ఉంటే ముందే సున్నా ఇచ్చి బయటపడాలి, లేకపోతే మొదటి వరుసే విరుగుతుంది.

మన ఆరు రోజులకు లెక్క ఇలా నడుస్తుంది:

```
 p    b1   s1   b2   s2
20   -20    0  -20    0
45   -20   25  -20   25
40   -20   25  -15   25
70   -20   50  -15   55
30   -20   50   20   55
90   -20   70   20  110
```

b2 నిలువు వరుస మీద కాసేపు ఆగండి. మూడో రోజు అది -15 అయింది: మొదటి లావాదేవీలో 25 సంపాదించి, 40 పెట్టి మళ్లీ కొన్నాం. నాలుగో రోజు s2 లోని 55 ఆ దారినే వచ్చింది. అయిదో రోజు మాత్రం b2 ఒక్కసారిగా 20కి ఎగబాకింది. 50 లాభంతో ముగిసిన మొదటి లావాదేవీ నుంచి 30 పెట్టి కొన్నాం కాబట్టి, చేతిలో షేరు ఉండగానే ఇంకా 20 రూపాయలు మిగిలాయి. 40కి కొన్న పాత దారి అక్కడితో మరుగున పడింది. ఏ పల్లాన్ని ఓర్చుకోవాలన్న ప్రశ్నకు జవాబు ఈ ఒక్క max లోనే దొరుకుతోంది. లక్ష రోజులకైనా నాలుగు లక్షల చిన్న పోలికలతో పని అయిపోతుంది, మెమరీలో నాలుగు అంకెలు చాలు.

ఎక్కువమంది కాలు జారేది ఆరంభ విలువల దగ్గర. b1, b2 లను కూడా సున్నాతో మొదలుపెడితే ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ చూపదు, పైగా నమ్మదగినట్టు కనిపించే అంకె ఇస్తుంది. మన ఉదాహరణకు 130 వస్తుంది. సున్నా అంటే మొదటి షేరు ఉచితంగా వచ్చిందని అర్థం, అందుకే సరిగ్గా 20 ఎక్కువ. దీన్ని పట్టుకోవడం తేలిక: 90, 60, 30 లాంటి దిగజారే జాబితా ఇచ్చి చూడండి. సున్నా తప్ప ఇంకేం వచ్చినా ఆరంభం తప్పినట్టే.

వరుసల క్రమం గురించి కూడా సందేహం వస్తుంది. పైనుంచి కిందికి వెళితే ఇవాళే కొని ఇవాళే అమ్మే దారి కూడా లెక్కలోకి వస్తుంది కదా? వస్తుంది, కానీ దాని లాభం సున్నా కాబట్టి జవాబు చెడదు. ఒక్కటే లావాదేవీ చేసిన దారి s2 దాకా చేరగలుగుతున్నదీ ఇలాంటి సున్నా లావాదేవీల వల్లే, "మహా అయితే రెండు" అన్న షరతు అలా నెరవేరుతోంది. అమ్మాక ఒక రోజు ఆగితే గానీ కొనకూడదనే నియమం ఉంటే మాత్రం క్రమం ముఖ్యమవుతుంది. అప్పుడు b2 లెక్కకు ఇవాళ్టి s1 కాదు, ఆ విరామానికి ముందటి s1 వాడాలి, అంటే పాత విలువను విడిగా దాచాలి.

లాభంతోపాటు ఏ రోజుల్లో కొని అమ్మాలో కూడా కావాలంటే ఇంకాస్త జాగ్రత్త పడాలి. ఒక్కో స్థితికి తోడుగా దాని రోజుల జాబితా ఉంచాలి. b2 మారిన క్షణంలోనే s1 జాబితాను నకలు తీసి, దానికి ఇవాళ్టి రోజును చేర్చాలి. చివర్లో చూసుకుందాంలే అని s1 ను నమ్ముకుంటే పప్పులో కాలేసినట్టే. మన పట్టికలోనే చూడండి, ఆరో రోజు s1 70 అయింది, అంటే దాని రోజులు 1, 6. కానీ b2 పుట్టింది 1, 4 రోజుల s1 నుంచి. చివరి s1 ను తీసుకుంటే మొదటి షేరు ఆరో రోజు దాకా చేతిలో ఉండగానే అయిదో రోజు రెండోది కొన్నట్టు వస్తుంది. లాభం 110 అని సరిగ్గానే చూపిస్తుంది, రోజులు మాత్రం అసాధ్యమైనవి. అందుకే రోజులను బట్టి లాభాన్ని తిరిగి కూడి s2 తో సరిచూడటం మంచిది.

ఖర్చులు చేర్చడానికి ఈ పద్ధతిలో పెద్దగా మార్చేదేమీ లేదు. ఒక్కో లావాదేవీకి f రూపాయలు పోతాయంటే s1, s2 వరుసల్లో p బదులు p - f రాస్తే సరి. మన ఉదాహరణలో రెండు లావాదేవీలకు 110 - 2f, ఒక్కదానికి 70 - f. f 40 దాటితే ఒక్కటే మేలు, 70 కూడా దాటితే అసలు కొనకపోవడమే మేలు. ఆ నిర్ణయాలు max లే తీసుకుంటాయి. మన దేశంలో డెలివరీ షేర్లపై సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున పడుతుంది. దాన్ని లెక్కలోకి తేవాలంటే కొనేచోట p బదులు 1.001p, అమ్మేచోట 0.999p వాడాలి, ఆరంభంలోని prices[0] కు కూడా అదే 1.001 తగిలించాలి. దశాంశాల పొరపాట్లు పేరుకోకుండా ధరలను పైసల్లోకి మార్చి వెయ్యితో హెచ్చించి, మొత్తం పూర్ణాంకాల్లోనే నడిపి, చివర్లో ఒక్కసారి భాగించాలి.