అన్ని ప్రాజెక్టులూ ఒకే పేజీలో: రంగుల స్టేటస్ వెనుక పాతికేళ్ల కథ

పది పన్నెండు ప్రాజెక్టులు చూసుకునే మేనేజర్‌కు ప్రతి నెలా ఒకే చిక్కు ఎదురవుతుంది. ఒక టీమ్ యాప్ తయారుచేస్తుంటుంది. ఇంకొకటి పాత డేటాను కొత్త సిస్టమ్‌లోకి మారుస్తుంటుంది. మూడోది సర్వర్ల కొనుగోలు ఫైలు నడుపుతుంటుంది. వీటిలో ఏది గాడి తప్పుతోందో ఒక్క పేజీలో తెలియాలి. చాలా సంస్థలు అందరి మీదా ఒకే వర్క్‌ఫ్లో రుద్ది ఈ పని అయిపోయిందనుకుంటాయి. అప్పుడు కొనుగోలు టీమ్ కూడా తనకు సంబంధం లేని 'టెస్టింగ్' దశలో టిక్ పెట్టి ఫైలును ముందుకు జరుపుతుంది. పేజీ నిండుతుంది కానీ అందులో ఉన్నది నిజం కాదు.

ఈ చిక్కును పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది బ్రిటన్ ప్రభుత్వం. 1999లో సర్ పీటర్ గెర్షన్ ప్రభుత్వ కొనుగోళ్లపై ఇచ్చిన నివేదిక తర్వాత ఒక ప్రత్యేక కార్యాలయం ఏర్పడింది. ఆ కార్యాలయం 2001లో 'గేట్‌వే రివ్యూ' పద్ధతి మొదలుపెట్టింది. ఆసుపత్రి కట్టినా, సాఫ్ట్‌వేర్ రాయించినా పని ఎలా చేసుకోవాలో అది చెప్పలేదు. పెట్టుబడి నిర్ణయానికి ముందు, వాడకంలోకి తెచ్చే ముందు, ఇలా కొన్ని మలుపుల దగ్గర బయటి సమీక్షకులు వచ్చి కొన్ని రోజులు కూర్చుని, సంబంధిత మనుషులతో మాట్లాడి ఒక రంగు ఇచ్చేవారు: ఎరుపు, పసుపు-నారింజ కలిసిన ఆంబర్, ఆకుపచ్చ.

ఆ తొలి రోజుల్లో ఎరుపంటే ప్రాజెక్ట్ మునిగిపోతోందని కాదు. సమీక్షకుల సూచనలను వెంటనే అమలు చేయాలని అర్థం. అంటే రంగు చెప్పింది సూచన ఎంత అత్యవసరమో మాత్రమే. బాగా నడుస్తున్న ప్రాజెక్టులో కూడా రేపే సంతకం కావాల్సిన కాగితం ఒకటి ఉంటే ఎరుపు పడవచ్చు. అలాంటి రంగులను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. తర్వాతి సంవత్సరాల్లో ప్రశ్నే మారింది. అనుకున్న సమయానికి, అనుకున్న ఖర్చులో, అనుకున్న నాణ్యతతో ఇది పూర్తవుతుందన్న నమ్మకం ఎంత? ఈ అంచనా ఐదు మెట్లకు పెరిగింది. ఎరుపుకూ ఆంబర్‌కూ మధ్య ఒకటి, ఆంబర్‌కూ ఆకుపచ్చకూ మధ్య ఒకటి చేరాయి.

నా ఉద్దేశంలో ఈ కథలో అసలు మలుపు ఇదే. రైలు మార్గానికీ, పింఛను సాఫ్ట్‌వేర్‌కూ దశలు ఎప్పటికీ ఒకటి కావు. కానీ 'ఇది సమయానికి అవుతుందా, ఎందుకలా అనుకుంటున్నారు' అన్న ప్రశ్న రెండింటికీ సరిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వ పెద్ద ప్రాజెక్టులను చూసుకోవడానికి 2011లో ఏర్పడిన మేజర్ ప్రాజెక్ట్స్ అథారిటీ 2013 మేలో తొలిసారి 191 ప్రాజెక్టుల పట్టికను, వాటిలో చాలావాటి రంగులతో సహా, ప్రజల ముందు పెట్టింది. రక్షణ, రవాణా, ఐటీ, అన్నీ ఒకే పట్టికలో కనిపించాయి.

ఆ పట్టికకు గట్టి పరీక్ష కూడా త్వరగానే ఎదురైంది. ఆరు రకాల సాయాలను ఒకటిగా కలిపే యూనివర్సల్ క్రెడిట్ పథకం 2013 నివేదికలో ఎరుపు-ఆంబర్‌గా ఉంది. 2013 సెప్టెంబరులో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లోపలి పరిస్థితిని బయటపెట్టింది. 3.4 కోట్ల పౌండ్ల విలువైన ఐటీ పని పనికిరాదని నష్టం కింద రాసేశారు. టీమ్ తన చుట్టూ కోట కట్టుకుని మంచి వార్తలే పైకి పంపే అలవాటులో పడిందని ఆ నివేదిక తప్పుబట్టింది. 2014లో వచ్చిన రెండో వార్షిక పట్టికలో ఈ పథకానికి ఐదు రంగుల్లో ఏదీ ఇవ్వలేదు. 'రీసెట్' అన్న కొత్త మాట రాశారు. ప్రణాళిక మళ్లీ వేసుకున్నారు కాబట్టి లెక్క కొత్తగా మొదలని దాని భావం. సరిగ్గా జనం చూడాలనుకున్న ప్రాజెక్ట్ దగ్గరే పోలిక ఆగిపోయింది. 2022 నివేదిక నాటికి ఐదు మెట్లు మళ్లీ మూడు రంగులయ్యాయి.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు వాడే పనిముట్లు ఇదే ప్రశ్నను వేరే వైపు నుంచి పట్టుకున్నాయి. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో అందరికీ తెలిసిన, పనుల లెక్క ఉంచే జిరానే చూద్దాం. అందులో ప్రతి టీమ్ తన స్టేటస్‌లకు తనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. కానీ ప్రతి స్టేటస్‌నూ `To Do`, `In Progress`, `Done` అనే మూడు వర్గాల్లో ఒకదానికి జతచేయాలి. పై మేనేజర్ పేజీ ఆ వర్గాలను మాత్రమే చదువుతుంది కాబట్టి టీమ్ తన పని తీరు మార్చుకోనక్కర్లేదు.

లొసుగంతా ఆ జతచేయడంలోనే ఉంటుంది. ఉదాహరణకు యాప్ ప్రాజెక్టులో 40 పనులున్నాయి. 12 పూర్తిగా ముగిశాయి, 16 క్లయింట్ వాడి చూసే యూఏటీ దశలో ఉన్నాయి. మా చేతిలో పని అయిపోయింది కదా అని టీమ్ యూఏటీని `Done` కింద పెట్టింది. పై పేజీలో 70 శాతం కనిపిస్తుంది. పక్క టీమ్‌కు కూడా సరిగ్గా ఇవే అంకెలున్నా, అది యూఏటీని `In Progress`లో ఉంచితే 30 శాతమే కనిపిస్తుంది. నిజాయితీగా లెక్కపెట్టిన టీమ్ మీటింగ్‌లో మాటలు పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి జిరాలో ఒక చిన్న వెతుకులాట పనికొస్తుంది:

```
statusCategory = Done AND resolution = Unresolved
```

ముగిసిందని వర్గం చెబుతున్నా ముగింపు కారణం నింపని పనులు ఇందులో బయటపడతాయి. ఒక్క టీమ్ నుంచే ఇవి కుప్పగా వస్తే ఆ టీమ్ ఏ స్టేటస్‌ను ఏ వర్గానికి జతచేసిందో తెరిచి చూడాలి. వర్క్‌ఫ్లో జోలికి పోకుండానే ఆ ఒక్క జత సరిచేయవచ్చు.

జత సరిగ్గా ఉన్నా శాతం మాత్రం ప్రాజెక్టుల మధ్య పోలికకు పనికిరాదు. సర్వర్ల కొనుగోలులో ఆరే మెట్లుంటాయి: కొటేషన్, లీగల్ పరిశీలన, ఆర్డర్, డెలివరీ, బిగింపు, పరీక్ష. లీగల్‌లో ఫైలు ఐదు వారాలు కదలకపోతే శాతం అలాగే ఉంటుంది, నష్టం మాత్రం పెరుగుతుంది. అందుకే పై పేజీలో ప్రాజెక్టుకు ఒక వరుస చాలు. అందులో రాబోయే ముఖ్యమైన మైలురాయి, దానికి మొదట మాట ఇచ్చిన తేదీ, ఇవాళ్టి అంచనా, నమ్మకం రంగు, ఆ రంగుకు ఒక వాక్యం కారణం, ఎవరు ఏ రోజున ఇచ్చారో ఉండాలి. ఆ చివరి వివరాన్ని చాలామంది వదిలేస్తారు. ఆరు వారాల కిందటి ఆకుపచ్చ ఇవాళ కూడా ఆకుపచ్చగానే మెరుస్తుంది. మూడు వారాలు దాటిన రంగును పేజీ తనంతట తానే బూడిద రంగులోకి మారిస్తే ఆ భ్రమ పోతుంది. రంగు ఎవరిస్తారన్నది కూడా తేల్చుకోవాలి. ప్రాజెక్ట్ లీడ్ ఒక్కరే ఇస్తే యూనివర్సల్ క్రెడిట్‌లో జరిగినట్టు మంచి వార్తలే పైకి వస్తాయి. ప్రతి నెలా రెండు వరుసలను వేరే టీమ్ సీనియర్ చేత చూపించడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక 'రీసెట్' సంగతి. డేటా మార్పిడి జూన్ 15న ముగియాలనుకుందాం. మధ్యలో ప్రణాళిక తిరగరాసి జూలై 30కి మార్చారు. ఇప్పటి అంచనా ఆగస్టు 5. కొత్త తేదీతో పోలిస్తే ఆలస్యం 6 రోజులు, రంగు ఆంబర్ అయినా చాలు. మొదటి తేదీతో పోలిస్తే 51 రోజులు. టీమ్‌ను రోజూ నడిపించడానికి కొత్త తేదీయే సరైనది, చెయ్యిదాటిన తేదీతో వాళ్లను కొడుతూ ఉంటే లాభం లేదు. కానీ అదే డేటా కోసం కాచుకున్న ఇంకో ప్రాజెక్టుకు కావాల్సింది ఆ 51. రెండు అంకెలూ ఒకే వరుసలో ఉండాలి. మొదటి తేదీని మార్చే హక్కు ప్రాజెక్ట్ లీడ్‌కు ఉండకూడదు.