మిర్చి ఇంకా అమ్మలేదు, పన్ను మాత్రం కట్టాలి

ఎనుమాముల మార్కెట్లో రైతు దగ్గర మిర్చి కొన్న వ్యాపారి 100 బస్తాలు లారీకెత్తించి, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే ఢిల్లీ అడ్తిదారుకు పంపాడనుకుందాం. బస్తాకు 40 కిలోలు. అది అమ్మకం కాదు, ధర తెగలేదు. అడ్తిదారు అమ్మాక పట్టీ రాసి పంపితేనే లెక్క తేలుతుంది.

నెల తర్వాత పట్టీ వచ్చింది. 80 బస్తాలు క్వింటాలు 18,000 చొప్పున 5,76,000 రూపాయలకు పోయాయి. అందులో 4 శాతం కమీషన్ 23,040, హమాలీ, గోదాం ఖర్చులు 2,960 పట్టుకుని 5,50,000 పంపాడు. మిగిలిన 20 బస్తాలు ఢిల్లీలో ఉన్నా, ఇక్కడి వ్యాపారి స్టాకే. లారీ కిరాయిలో వాటి వంతు కూడా వాటి విలువలో కలపాలి. పంపిన రోజే మొత్తం అమ్మినట్టు రాసుకుంటే, లేని లాభం పుస్తకంలో కనిపిస్తుంది.

1872 కాంట్రాక్ట్ చట్టం చెప్పేదీ ఇదే: అడిగితే ఏజెంటు లెక్క చూపాలి, తనకు రావాల్సింది పట్టుకోవచ్చు, మిగతాది యజమానికి ఇవ్వాలి.

చిక్కు వచ్చింది పన్నుతో. 1956 కేంద్ర అమ్మకపు పన్ను చట్టం రాష్ట్రం దాటే అమ్మకం మీద పన్ను వేసింది. అడ్తికి పంపడం అమ్మకం కాదు కదా, దానికి లేదు. ఇంకేముంది, నిజంగా అమ్మిన సరుకునూ కొందరు ‘అడ్తికి పంపాం’ అని రాసేశారు. అందుకే 1972 సవరణ, అమ్మలేదని నిరూపించే భారం పంపినవాడి మీద పెట్టింది. అడ్తిదారు తన రాష్ట్ర పన్ను ఆఫీసు నుంచి ‘ఎఫ్ ఫారం’ తెచ్చి పంపేవాడు. 2002లో అది తప్పనిసరైంది. ఫారం రాకపోతే అమ్మకంగానే లెక్క. పట్టీ కోసం ఒక టెన్షన్, ఫారం కోసం ఇంకొకటి.

2017 జూలైలో జీఎస్టీ ఆ గొడవను తీసేసింది, కానీ తలకిందులు చేసి తీసేసింది. అడ్తిదారు తన పేరుతో బిల్లు వేసి అమ్మేవాడైతే, అతనికి సరుకు పంపడమే సరఫరా కింద లెక్క, దాని మీదే పన్ను పడుతుంది. ఎవరి పేరుతో బిల్లు అన్నదే కొలత అని 2018 సెప్టెంబరు సర్క్యులర్ తేల్చింది. వ్యాపారి పేరు మీదే బిల్లు పోతే ఈ నియమం వర్తించదు.

మన 100 బస్తాలకు వద్దాం. అడ్తిదారు అమ్మే ధరలో 90 శాతాన్ని విలువగా తీసుకునే వెసులుబాటు ఉంది. అదే 18,000 ధరకు 100 బస్తాలూ పోతే 7,20,000, అందులో 90 శాతం 6,48,000. ఎండుమిర్చికి 5 శాతం చొప్పున 32,400 రూపాయలు. రైతు పన్ను వేయడు కాబట్టి ఈ సరుకు మీద సర్దుకోవడానికి ముందే కట్టిన పన్ను, అంటే క్రెడిట్, ఉండదు, మొత్తం చేతి నుంచే పెట్టాలి. అడ్తిదారుకేమో అదే క్రెడిట్‌గా దక్కుతుంది. పన్ను మరుసటి నెల రిటర్నుతో పోతుంది. పట్టీ అప్పటికి రాకపోవచ్చు. అందుకే ఇప్పుడు కొందరు సరుకు ఎక్కించే ముందే అడ్తిదారును అడుగుతున్నారు: పన్ను డబ్బు ముందే పంపుతావా, పట్టీలో కలుపుతావా?