అది 21/3 కాదు, 2 1/3: భిన్నాల పేపర్లపై అపోహలు - వాస్తవాలు

యూనిట్ టెస్ట్ పేపర్లు ఇచ్చిన సాయంత్రం ఫోన్ మోగుతూనే ఉంటుంది. "సార్, లెక్కంతా కరెక్టే, సూక్ష్మీకరించలేదని మార్కు కట్ చేశారు" అని. చాలాసార్లు తప్పు పిల్లాడిది కాదు, దిద్దినవాళ్లది.

అపోహ: పైనా కిందా ఉన్న అంకెలకు ఉమ్మడి కారణాంకం కనబడితే భిన్నం కనిష్ఠ రూపంలో లేనట్టే.

వాస్తవం: ముందు అది ఏ భిన్నమో తేలాలి. ఈ తప్పు నేనే చేశాను. ఏడో తరగతిలో 3 1/2 ÷ 1 1/2 ఇచ్చాను. ఒకమ్మాయి గీతను ఏటవాలుగా గీసి, 2నీ 1నీ దాదాపు అంటించేసి జవాబు రాసింది. నాకు 21/3గా కనబడింది. "సూక్ష్మీకరించు, 7" అని ఎర్ర పెన్నుతో రాసి మార్కు తీసేశాను. మర్నాడు ఆ పిల్ల బెదురుతూ వచ్చి, "సార్, అది రెండూ ఒకటి బై మూడు" అంది. పై వరుస చూస్తే 7/2 × 2/3 = 7/3 అని చక్కగా ఉంది. 7/3 అంటే 2 1/3 కదా! అసలు మూడున్నరలో ఒకటిన్నర ఏడుసార్లు ఎలా పడుతుంది? అదైనా తట్టలేదు నాకు.

అప్పటి నుంచి నేను గసాభా జోలికి వెళ్లే ముందు గీత ఎక్కడ మొదలైందో చూస్తాను. అడ్డగీత 2 కింద కూడా సాగితే 21/3, 1 కిందే ఆగితే మిశ్రమ భిన్నం. ఏటవాలు గీతకు ఈ ఆనవాలు ఉండదు. అప్పుడు 2 పెద్దదిగా, 1 చిన్నదిగా, కాస్త పైకి ఉందా అని చూడాలి. అయినా తేలకపోతే పై వరుసే సాక్షి: 2 × 3 + 1 = 7, హారం 3, సరిపోయింది. మిశ్రమ భిన్నమని తేలాక భిన్న భాగాన్నే చూడాలి. 1కీ 3కీ గసాభా 1, కాబట్టి సూక్ష్మీకరించడానికి ఏమీ లేదు.

అపోహ: గీత కనబడకపోతే గీయనట్టే.

వాస్తవం: రూళ్ల కాగితంలో గీత సరిగ్గా అచ్చు గీత మీద పడితే కలిసిపోతుంది. ఫోన్‌లో తీసిన ఫొటోలో అయితే పూర్తిగా మాయం. అసలు పేపర్ని వెలుతురుకు వంచి చూడండి, బాల్ పెన్ను నొక్కు కనబడుతుంది.

అపోహ: 7/3ని మిశ్రమ భిన్నంగా మార్చకపోతే సూక్ష్మీకరించనట్టు.

వాస్తవం: కాదు. 7/3 కనిష్ఠ రూపమే. మిశ్రమ భిన్నంలో రాయమని ప్రశ్నలో అడిగితే అది వేరే సంగతి.

ఇంట్లో పిల్లలు టెన్షన్ పడుతుంటే ఒక్కటి చెప్పండి: పూర్ణాంకం పెద్దగా రాసి, వేలెడు ఖాళీ వదిలి, గీత అడ్డంగా గీయమని. ఆ అమ్మాయికి మార్కు వేసేశాను. అయితే ఆ తర్వాత ఆమె వదిలే ఖాళీలో ఇంకో లెక్క పడుతుంది.