తూకం ఒకటే, కరిగింది వేరు

2010లో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు అధిక బరువున్న పదిమందిని రెండేసి వారాల చొప్పున రెండు విడతలు ల్యాబులోనే ఉంచి, కొలిచి తగ్గించిన తిండి పెట్టారు. ఒక విడతలో రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడక మీద ఉండనిచ్చారు, ఇంకో విడతలో అయిదున్నరే. పెట్టిన క్యాలరీల్లో తేడా లేదు. రెండు విడతల్లోనూ మనిషికి దాదాపు 3 కిలోలు తగ్గాయి. తూకం మిషన్ మాత్రమే చూసినవాళ్లు నిద్రకీ బరువుకీ సంబంధం లేదని తేల్చేసేవాళ్లే.

కానీ వాళ్లు కరిగిందేమిటో కూడా కొలిచారు. కంటినిండా నిద్రపోయిన విడతలో పోయిన బరువులో కొవ్వు 1.4 కిలోలు. నిద్ర తగ్గించిన విడతలో 0.6 కిలో మాత్రమే, మిగతాదంతా కొవ్వు కాని భాగం, అంటే కండలాంటిది. అంటే ఆకలికి ఓర్చుకుని కూర్చున్న ఆ రెండు వారాల్లో, పోవాల్సింది ఉండిపోయి ఉండాల్సింది పోయింది. పైగా నిద్ర తక్కువైనప్పుడు ఆకలి ఎక్కువగా ఉందని చెప్పింది కూడా ఆ మనుషులే. రక్తంలో ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగినట్టు పరీక్షల్లో తేలింది.

గ్రెలిన్ ముఖ్యంగా జీర్ణాశయంలో పుడుతుంది. భోజనానికి ముందు పెరిగి, తిన్నాక తగ్గుతుంది. దీనికి ఎదురు పనిచేసేది లెప్టిన్. అది కొవ్వు కణాల నుంచి వచ్చి, నిల్వలు ఎంతున్నాయో మెదడుకి చెబుతుంది. 2004లో ఇదే విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలు, మరోసారి రెండు రాత్రులు పదేసి గంటలు పడుకోబెట్టి రక్తం పరీక్షించారు. నిద్ర తగ్గినప్పుడు లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆకలి 24 శాతం పెరిగిందని వాళ్లే అంచనా వేసి చెప్పారు. నిద్ర, బరువు గురించి ఎక్కడ చదివినా కనిపించే కథకి మూలం ఇదే.

అయితే ఆ పరీక్షలో వాళ్లకి ఇష్టం వచ్చినంత తినే వీల్లేదు. ఆ వీలు ఇస్తే ఏమవుతుంది? 2013లో కొలరాడోలో 16 మందిని అయిదు రోజులు అయిదేసి గంటలే నిద్రపోనిచ్చి, తిండికి మాత్రం అడ్డు చెప్పలేదు. ఎక్కువసేపు మెలకువగా ఉన్నందుకు వాళ్ల ఒంట్లో క్యాలరీల ఖర్చు 5 శాతం దాకా పెరిగింది. తిన్నది మాత్రం ఆ ఖర్చుని మించిపోయింది, బరువు ముప్పావు కిలో పైనే పెరిగింది. విచిత్రమేమిటంటే ఇక్కడ లెప్టిన్ పెరిగింది, గ్రెలిన్ తగ్గింది. కడుపు చాలంటూనే ఉంది, అయినా తిన్నారు. ఆ అదనపు తిండి ఎక్కువగా రాత్రి భోజనం అయ్యాక నోట్లోకి వెళ్లిన చిరుతిండే.

అందుకే అంతా రెండు హార్మోన్ల పనే అనడం తొందరపాటని నా అభిప్రాయం. నిద్ర చాలనివాళ్లలో, గంజాయి మత్తు ఏ గ్రాహకాల మీద పనిచేస్తుందో వాటి మీదే పనిచేసే ఒక పదార్థం, మన ఒంట్లోనే తయారయ్యేది, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మామూలుకన్నా ఎక్కువగా నిలిచి ఉంటుందని మరో పరీక్షలో చూశారు. ఆకలి లేకపోయినా రుచి లాగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఒత్తిడి వచ్చి కలిసేది కూడా ఆ సాయంత్రం వేళే. హఠాత్తుగా భయం వేస్తే ముద్ద దిగదు, అది అడ్రినలిన్ పని. నెలల తరబడి సాగే ఒత్తిడి దారి వేరు, అక్కడ పెత్తనం కార్టిసాల్‌ది. మామూలుగా ఈ హార్మోన్ నిద్ర లేచిన కాసేపటికి బాగా పెరిగి, రాత్రికి అడుగంటుతుంది. నిద్ర చాలకపోయినా, ఒత్తిడి వదలకపోయినా సాయంత్రం తగ్గాల్సినంత తగ్గదు. కార్టిసాల్ ఆకలిని, అందులోనూ తీపి, కొవ్వు ఉన్న వాటి మీద కోరికని పెంచుతుంది. కండని కరిగించి, కొవ్వుని పొట్టలోకి చేరుస్తుంది. ఇది శృతి మించితే ఎలా ఉంటుందో కుషింగ్ వ్యాధిలో స్పష్టంగా కనిపిస్తుంది: కాళ్లూ చేతులూ సన్నబడి, నడుము మాత్రం ఉబ్బుతుంది. మామూలు ఒత్తిడిలో మార్పు అంత ఉండదు. దాన్ని పట్టాలంటే తూకం కన్నా నడుము చుట్టూ వేసిన టేపు నయం. ఒక్కపూట రక్తపరీక్ష ఆ నెలల లెక్క చెప్పలేదు. అందుకే పరిశోధకులు వెంట్రుకలో కార్టిసాల్ కొలుస్తారు. సెంటీమీటరు వెంట్రుక దాదాపు నెలరోజుల చరిత్ర చెబుతుంది.

2022లో చికాగోవాళ్లే ఈసారి ల్యాబు వదిలేసి, ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే 80 మంది అధిక బరువున్నవాళ్లని వాళ్ల ఇళ్లలోనే పరిశీలించారు. సగం మందికి పడుకునే అలవాట్లు సరిచేసుకోవడం నేర్పితే, సగటున రాత్రికి గంటకు పైగా నిద్ర పెరిగింది. రెండు వారాల్లో వాళ్లు తినేది, మిగతా సగంతో పోలిస్తే, రోజుకి దాదాపు 270 క్యాలరీలు తగ్గింది. ఏం తినాలో, ఎంత తినాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.