గ్యాస్ బిళ్ళ ఆపితే వచ్చే మంట: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా మందుల షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఒక మాట పదేపదే వినపడుతుంది: "ఒక గ్యాస్ బిళ్ళల అట్ట ఇవ్వన్నా." అడిగేది ఎక్కువగా పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్‌లలో ఏదో ఒకటి. చాలా అట్టల్లో దానికి వాంతులు తగ్గించే డోంపెరిడోన్ కూడా కలిపి ఉంటుంది. ఇవి మంచి మందులే. చిక్కల్లా, రెండు వారాలకో రెండు నెలలకో రాసిన బిళ్ళ ఏళ్ళ తరబడి సాగడంతోనే.

అపోహ: ఇది గ్యాస్ తగ్గించే బిళ్ళ.

కాదు, కడుపులో ఆమ్లం తయారవడాన్ని తగ్గించే బిళ్ళ. పొట్ట ఉబ్బరం, కింది నుంచి గ్యాస్ పోవడం, తిన్నాక బరువుగా ఉండటం లాంటివాటికి ఆమ్లం చాలాసార్లు కారణమే కాదు. గబగబా తింటూ మింగే గాలి, మలబద్ధకం, కొందరికి పాలు, పప్పులు పడకపోవడం వీటి వెనక ఉంటాయి. ఉబ్బరానికి ఈ బిళ్ళ వేసుకుంటే తగ్గదు. తగ్గలేదని ఆపరు, పూటకొకటి చొప్పున రెండు చేస్తారు.

అపోహ: నొప్పి మాత్ర రాస్తే పక్కన గ్యాస్ బిళ్ళ ఉండాల్సిందే.

అరవై అయిదు దాటినవారికి, అల్సర్ వచ్చినవారికి, ఆస్పిరిన్ లేదా రక్తం పలుచబరిచే మందు వాడేవారికి ఈ జోడీ అవసరమే. మూడు రోజులు నడుంనొప్పికి మాత్ర వేసుకునే ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతుడికి సాధారణంగా అక్కర్లేదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళ నొప్పులు పట్టి ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు మింగేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఈ బిళ్ళ కడుపును కాపాడుతుందేగాని, నొప్పి మాత్ర వల్ల కిడ్నీకి జరిగే నష్టాన్ని ఆపదు.

అపోహ: ఆపితే మంట వస్తోందంటే, బిళ్ళ జీవితాంతం కావాలన్నమాటే.

ఎక్కువమందిని ఏళ్ళ తరబడి బిళ్ళకు కట్టిపడేసేది ఈ అపోహే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుదాం.

కడుపు గోడలో ఆమ్లాన్ని బయటికి తోసే సూక్ష్మమైన పంపులు ఉంటాయి. బిళ్ళ వాటిని మూసేస్తుంది. ఆమ్లం తగ్గిందని పసిగట్టిన శరీరం గాస్ట్రిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. గాస్ట్రిన్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే, ఆమ్లం తయారుచేయమని హిస్టమిన్‌తో ఆజ్ఞ ఇచ్చే కణాలు సంఖ్యలో పెరుగుతాయి. బిళ్ళ పనిచేస్తున్నంతకాలం ఇదంతా బయటికి తెలియదు. ఆపిన మూడు నాలుగు రోజుల్లో కొత్త పంపులు పనిలోకి వస్తాయి. అప్పటికి ఆజ్ఞ ఇచ్చే కణాలు మాత్రం పెరిగి కూర్చుని ఉంటాయి, అవి మామూలు స్థాయికి తగ్గడానికి వారాలు పడుతుంది. ఈ మధ్యకాలంలో కడుపు ముందెన్నడూ లేనంత ఆమ్లం చేస్తుంది.

2009లో డెన్మార్క్‌లో చేసిన ఒక పరిశోధన దీన్ని చక్కగా పట్టిచ్చింది. మంట అంటే తెలియని ఆరోగ్యవంతులు 120 మందిని తీసుకుని, సగం మందికి ఎనిమిది వారాలు 40 మిల్లీగ్రాముల ఎసోమెప్రజోల్, మిగతావారికి మందు లేని ఉత్త బిళ్ళ ఇచ్చారు. తర్వాత నాలుగు వారాలు అందరికీ ఉత్త బిళ్ళే. ఆ నాలుగు వారాల్లో మందు వాడినవారిలో సుమారు 44 శాతం మందికి గుండెల్లో మంట, పులితేన్పులు, అజీర్తి వంటివి వచ్చాయి. వాడనివారిలో 15 శాతం మందికే. జబ్బే లేనివాళ్ళకు మందు ఆపగానే జబ్బు లక్షణాలు కనపడ్డాయన్నమాట.

ఇది ఎలా ఉంటుందో ముందే తెలిస్తే కంగారు సగం తగ్గుతుంది. కావలిలో ఉండే నలభై అయిదేళ్ళ ఒకామెను ఊహించుకుందాం. మోకాలి నొప్పికి అయిదు రోజుల మాత్రలతోపాటు పాంటోప్రజోల్ 40 మొదలైంది. నొప్పి మాత్ర ఆగింది, ఇది మూడేళ్ళు సాగింది. ఆమెకు అల్సర్ లేదు, ఆస్పిరిన్ వాడదు. ఒకరోజు ఉన్నపళంగా ఆపేసింది. మొదటి రెండు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు నుంచి తిన్న గంటా రెండు గంటలకు పైకడుపులో మంట, ఎదురు రొమ్ములోకి ఎగదన్నడం, నోట్లో పుల్లటి నీళ్ళు. చేపల పులుసు తిన్న రాత్రి నిద్ర పట్టలేదు. పదో రోజుకి "నాకిది లేకపోతే కుదరదు" అని మళ్ళీ మొదలుపెట్టింది. ఇలాంటి మంట కొన్ని వారాలు ఉంటుంది. ఇంకొంచెం ఓపిక పట్టి ఉంటే తగ్గుముఖం పట్టేది.

అలాంటావిడకు పనికొచ్చే దారి, డాక్టరుతో మాట్లాడి, ఇదీ: 40ని 20కి దించి రెండు వారాలు, తర్వాత 20ని రోజు విడిచి రోజు మరో రెండు వారాలు, ఆపైన ఆపేయడం. వేసుకునే రోజుల్లో తినడానికి అరగంట నుంచి గంట ముందు, నమలకుండా మింగాలి. తిన్నాక వేసుకుంటే మందు సరిగా పనిచేయదు. దాన్ని చూసి "20 సరిపోవట్లేదు" అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆపాక మంట వచ్చినప్పుడు మాత్రమే యాంటాసిడ్ సిరప్ 10 మిల్లీలీటర్లు, లేదా రాత్రి ఆమ్లాన్ని మరో దారిలో తగ్గించే ఫామోటిడిన్ 20. ఫామోటిడిన్ రోజూ వేసుకుంటే ఒకటి రెండు వారాల్లో పట్టు తగ్గుతుంది, కాబట్టి అవసరానికే దాచుకోవాలి. సిరప్‌కు, థైరాయిడ్ లేదా ఐరన్ మాత్రకు మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉంచాలి. కిడ్నీ జబ్బున్నవారు సిరప్ అయినా ఫామోటిడిన్ అయినా అడగకుండా వాడకూడదు.

ఆ నెలా రెండు నెలలూ రాత్రి భోజనానికి, పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి అరడుగు ఎత్తు చేస్తే ఆమ్లం గొంతులోకి రావడం తగ్గుతుంది. దిండ్లు పేర్చడం వేరు, అది నడుం దగ్గర వంచి పొట్టను ఇంకా నొక్కుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం మేలు. కారం దోసె, పులుసు శాశ్వతంగా మానక్కర్లేదు, ఈ కొద్దికాలం రాత్రిపూట వద్దంతే.

అపోహ: ఎన్నేళ్ళు వాడినా ఏమీ కాదు.

భయపెట్టేంత ఏమీ కాదు గానీ, ఏమీ కాదనలేం. ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గి కాళ్ళు తిమ్మిరెక్కవచ్చు, మెగ్నీషియం తగ్గి కండరాలు పట్టేయవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 రెండువైపుల నుంచీ తగ్గుతుంది, కాబట్టి ఆ పరీక్ష చేయించడం మంచిది. అరుదుగా కిడ్నీ వాపు వస్తుంది. ఎముకల విరుపుల గురించి చెప్పేవి చాలావరకు గమనింపులే, కారణం ఇదేనని తేలలేదు. ఇక డోంపెరిడోన్ కలిసిన బిళ్ళను ఏళ్ళ తరబడి వాడటం, ముఖ్యంగా గుండె లయ సమస్య ఉన్నవారు, అసలు సరికాదు.

అపోహ: అయితే అందరూ ఆపేయవచ్చు.

రక్తస్రావమైన అల్సర్ ఉన్నవారు, ఎండోస్కోపీలో అన్నవాహిక బాగా పుండుబడిందనో దాని లోపలి పొర మారిపోయే బారెట్స్ మార్పు ఉందనో చెప్పినవారు, స్టెంట్ వేయించుకుని రెండు రక్తం పలుచబరిచే మందులు వాడేవారు తమంతట తాము ఆపకూడదు. స్టెంటు తర్వాత క్లోపిడోగ్రెల్ వాడేవారికి మాత్రం ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తాయి, పాంటోప్రజోల్ మేలు.

నల్లటి మలం, మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు ఉంటే అది ఆపినందువల్ల వచ్చిన మంట అనుకుని ఎదురుచూడకూడదు. ఛాతీ బిగుసుకుపోయి చెమటలు పడితే సిరప్ కోసం వెతక్కుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆపి రెండు నెలలైనా మంట అదే ధాటిలో ఉంటే, అసలు జబ్బు వెతకాల్సిన సమయం వచ్చినట్టే. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవికి పరీక్ష చేయించుకునేవారు అంతకు ముందు రెండు వారాలు ఈ బిళ్ళ వాడకుండా ఉండాలి. వాడుతూ చేయిస్తే, సూక్ష్మజీవి ఉన్నా పరీక్షలో లేదని రావచ్చు.