పియర్సన్ వైషమ్య గుణకం: అపోహలు – వాస్తవాలు

సగటు నుంచి బాహుళకాన్ని, అంటే అన్నిటికంటే ఎక్కువగా వచ్చే విలువను, తీసివేసి, వచ్చిన తేడాను క్రమవిచలనంతో భాగిస్తే, విభాజనం సౌష్ఠవం తప్పి ఎటువైపు ఎంత సాగిందో సూచించే వైషమ్య గుణకం వస్తుంది. కార్ల్ పియర్సన్ 1895లో ప్రతిపాదించిన ఈ కొలత చూడటానికి ఒక తీసివేత, ఒక భాగహారం మాత్రమే. అందువల్లనే కాబోలు, దీన్ని లెక్కించేవారిలో చాలామంది సూత్రాన్ని గుర్తుంచుకుంటారు గాని, అందులోని మూడు అంకెల్లో ఏది గట్టిది, ఏది బలహీనమైనది అన్న సంగతి ఆలోచించరు. సాంఖ్యకశాస్త్రం బోధిస్తూ, దత్తాంశాలతో పనిచేస్తూ నేను తరచుగా ఎదుర్కొన్న అపోహలను ఒకే ఉదాహరణ ఆధారంగా ఇక్కడ పరిశీలిస్తాను.

వైషమ్య గుణకం = (సగటు − బాహుళకం) ÷ క్రమవిచలనం

అపోహ: పట్టికలో అన్నిటికంటే పెద్ద పౌనఃపున్యమే బాహుళకం.

ఒక పనిని పూర్తి చేయడానికి 50 మందికి ఎన్ని నిమిషాలు పట్టిందో నమోదు చేశామనుకుందాం. పట్టికలో d అంటే తరగతి మధ్య విలువ నుంచి 25ను తీసివేసి 10తో భాగించగా వచ్చినది.

| నిమిషాలు | పౌనఃపున్యం (f) | d | fd | fd² |
|---|---|---|---|---|
| 0–10 | 6 | −2 | −12 | 24 |
| 10–20 | 18 | −1 | −18 | 18 |
| 20–30 | 12 | 0 | 0 | 0 |
| 30–40 | 8 | 1 | 8 | 8 |
| 40–50 | 4 | 2 | 8 | 16 |
| 50–60 | 2 | 3 | 6 | 18 |
| మొత్తం | 50 | | −8 | 84 |

సగటు = 25 + (−8 ÷ 50) × 10 = 23.4 నిమిషాలు. క్రమవిచలనం కోసం 84ను 50తో భాగిస్తే 1.68 వస్తుంది, అందులోంచి −0.16 వర్గాన్ని, అంటే 0.0256ను తీసివేస్తే 1.6544 మిగులుతుంది; దాని వర్గమూలాన్ని 10తో గుణిస్తే 12.86 నిమిషాలు.

ఇక బాహుళకం. పెద్ద పౌనఃపున్యం 18 కనుక 10–20 బాహుళక తరగతి అవుతుంది. ఆ తరగతిలో బాహుళకం ఎక్కడ ఉందో ఇరుగుపొరుగు తరగతుల పౌనఃపున్యాలు చెబుతాయి. ముందు తరగతితో తేడా 18 − 6 = 12, తరువాతి తరగతితో తేడా 18 − 12 = 6. తరువాతి తరగతి బరువైనది కాబట్టి బాహుళకం అటువైపు జరుగుతుంది: 10 + (12 ÷ 18) × 10 = 16.67 నిమిషాలు.

గుణకం = (23.4 − 16.67) ÷ 12.86 = 0.52.

సగటు, బాహుళకానికి కుడివైపున, సుమారు సగం క్రమవిచలనమంత దూరంలో ఉందని దీని అర్థం. లవంలోనూ హారంలోనూ నిమిషాలే ఉన్నాయి కనుక ఫలితానికి ప్రమాణం ఉండదు. సమయాన్ని గంటల్లో కొలిచినా 0.52 మారదు.

బాహుళకం స్థానంలో 18 అని రాసేవారు నాకు ప్రతి ఏటా కనిపిస్తారు. సాధారణంగా ఈ పొరపాటు తనంతట తానే బయటపడుతుంది, ఎందుకంటే పౌనఃపున్యం అనేది బాహుళక తరగతి హద్దుల్లో ఉండవలసిన అవసరమే లేదు. కానీ మన పట్టికలో 18 అనే పౌనఃపున్యం కాకతాళీయంగా 10–20 తరగతిలోనే పడుతోంది, గుణకం 0.42 అని వస్తోంది, ఆ సమాధానం చూడటానికి సబబుగానే ఉంటుంది. అలాగే తరగతి మధ్య విలువ 15ను బాహుళకంగా తీసుకునేవారికి 0.65 వస్తుంది. 0.42, 0.52, 0.65 మూడూ ధన విలువలే కనుక, గుర్తును మాత్రమే చూసి సరిపెట్టుకుంటే తప్పు ఎక్కడా పట్టుబడదు. నేను దిద్దేటప్పుడు గుణకం కంటే ముందు బాహుళకం ఎలా వచ్చిందన్నదే చూస్తాను.

అపోహ: దత్తాంశం ఒకటే అయితే గుణకం కూడా ఒకటే వస్తుంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ నమ్మకమే, ఎందుకంటే లెక్కలో ఎక్కడా పొరపాటు లేకపోయినా ఫలితం మారిపోతుంది. అదే 50 మంది సమయాలను 10 నిమిషాల తరగతులకు బదులు 5 నిమిషాల తరగతులుగా విడదీద్దాం. 0–5 నుంచి మొదలుకొని 55–60 వరకు పౌనఃపున్యాలు వరుసగా 1, 5, 10, 8, 7, 5, 5, 3, 3, 1, 1, 1 అనుకుందాం. రెండేసి కలుపుకుంటూ పోతే పాత పట్టికే తిరిగి వస్తుంది. మనుషులు మారలేదు, వారి సమయాలూ మారలేదు.

కొత్త పట్టికలో సగటు 23.2, క్రమవిచలనం 12.61. పాత విలువలు 23.4, 12.86 కాబట్టి తేడా స్వల్పమే. బాహుళక తరగతి మాత్రం ఇప్పుడు 10–15. సూత్రం ప్రకారం బాహుళకం 10 + (5 ÷ 7) × 5 = 13.57. అంటే 16.67 నుంచి 3 నిమిషాలకు పైగా వెనక్కి జరిగింది. గుణకం (23.2 − 13.57) ÷ 12.61 = 0.76.

0.52 ఎక్కడ, 0.76 ఎక్కడ! కారణం స్పష్టమే. సగటుకూ క్రమవిచలనానికీ ప్రతి పరిశీలన తన వంతు అందిస్తుంది, అందువల్ల తరగతుల హద్దులు కొంచెం అటూ ఇటూ అయినా ఆ రెండూ నిలకడగా ఉంటాయి. బాహుళకం మూడు తరగతుల పౌనఃపున్యాల మీద మాత్రమే ఆధారపడుతుంది. ఆ మూడింటిలో ఒక్క సరిహద్దు కదిలినా, పది మంది ఇటు నుంచి అటు మారినా, అది చోటు మారుస్తుంది. సూత్రంలో బాహుళకం లవంలో ఉంది కనుక దాని చలనమంతా నేరుగా గుణకంలోకి వచ్చి చేరుతుంది.

ఇలాంటి సందర్భం కోసమే పియర్సన్ రెండవ సూత్రం ఉంది: 3 × (సగటు − మధ్యగతం) ÷ క్రమవిచలనం. మధ్యగతాన్ని 10 నిమిషాల పట్టిక నుంచి లెక్కిస్తే 20.83, గుణకం 0.60, 5 నిమిషాల పట్టిక నుంచి లెక్కిస్తే 20.71, గుణకం 0.59. మొదటి సూత్రంతో పోలిస్తే దీని స్థిరత్వం కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. వర్గీకరించిన దత్తాంశానికి మొదటి సూత్రం వాడవలసి వస్తే తరగతి అంతరం ఎంతో గుణకం పక్కనే రాయాలన్నది నా నిశ్చితాభిప్రాయం. వేర్వేరు తరగతి అంతరాలున్న రెండు పట్టికల గుణకాలను పక్కపక్కన పెట్టి, దీనిలో వైషమ్యం ఎక్కువ, దానిలో తక్కువ అని తీర్పు చెప్పడం సరికాదు. ఒకే పట్టికలో తరగతుల వెడల్పులు అసమానంగా ఉంటే మరో జాగ్రత్త కావాలి: ప్రతి పౌనఃపున్యాన్నీ ఆ తరగతి వెడల్పుతో భాగించి, ఆ సాంద్రతలను బట్టి బాహుళక తరగతిని గుర్తించాలి. లేకపోతే వెడల్పాటి తరగతి కేవలం తన వెడల్పు వల్లనే బాహుళక తరగతిగా కనిపిస్తుంది.

పైగా, రెండు సూత్రాలూ ఒకే సమాధానం ఇస్తాయని అనుకోవడం కూడా పొరపాటే. సగటుకూ బాహుళకానికీ ఉన్న తేడా, సగటుకూ మధ్యగతానికీ ఉన్న తేడాకు మూడు రెట్లు అన్నది ఒక మోస్తరు వైషమ్యం ఉన్న ఏకశిఖర విభాజనాల్లో సుమారుగా కనిపించే సంబంధం మాత్రమే. మన మొదటి పట్టికలోనే ఒకటి 6.73, మూడు రెట్లు చేసిన రెండోది 7.70.

అపోహ: గుణకం సున్నా అయితే విభాజనం సౌష్ఠవంగా ఉన్నట్లే.

సౌష్ఠవమైన ఏకశిఖర విభాజనానికి గుణకం సున్నా అవుతుంది, అది నిజం. దాని విపర్యయం నిజం కాదు. 2, 5, 5, 5, 5, 6, 6, 6 అనే ఎనిమిది విలువలను తీసుకోండి. మొత్తం 40, సగటు 5, బాహుళకం 5, మధ్యగతం కూడా 5. పియర్సన్ సూత్రాలు రెండూ సున్నానే ఇస్తాయి. అయినా 5కు ఎడమవైపు ఒకే విలువ 3 యూనిట్ల దూరంలో ఒంటరిగా ఉంది, కుడివైపు మూడు విలువలు 1 యూనిట్ దూరంలో గుమిగూడి ఉన్నాయి. దీన్ని సౌష్ఠవం అనలేము. విచలనాల ఘనాలను కూడితే −27 + 3 = −24 వస్తుంది కాబట్టి, ఘనాల మీద ఆధారపడే మూడవ ఘాతిక గుణకం ఇక్కడ ఋణాత్మకమై ఎడమ తోకను పట్టి చూపిస్తుంది. పియర్సన్ గుణకం కొలిచేది రెండు కేంద్ర విలువల మధ్య ఎడాన్ని. తోకల ఆకారాన్ని అది నేరుగా చూడదు.

అపోహ: శిఖరం ఎడమవైపు ఉంటే అది ఎడమ వైషమ్యం.

వైషమ్యం దిశను తోకను బట్టి చెబుతారు, శిఖరాన్ని బట్టి కాదు. మన ఉదాహరణలో శిఖరం ఎడమవైపు 10–20 దగ్గర ఉంది, తోక కుడివైపు 60 వరకు సాగింది. అందుకే ఇది కుడి వైషమ్యం, గుణకం ధనాత్మకం.

అపోహ: ఈ గుణకం ఎప్పుడూ −3, +3 మధ్యనే ఉంటుంది.

ఆ హద్దు మధ్యగతం ఉన్న సూత్రానిది. సగటుకూ మధ్యగతానికీ తేడా ఒక క్రమవిచలనాన్ని మించదు కనుక, దాన్ని మూడుతో గుణించిన ఫలితం 3ను దాటలేదు. బాహుళకం ఉన్న సూత్రానికి పరిస్థితి వేరు. అవిచ్ఛిన్న ఏకశిఖర విభాజనమైతే బాహుళకం సగటు నుంచి 3 వర్గమూలం, అంటే సుమారు 1.73 క్రమవిచలనాలకు మించి దూరం పోదు. అక్కడ హద్దు ఇంకా ఇరుకైనది. విడి విలువల జాబితాకు అటువంటి రక్షణ లేదు. 101 నుంచి 130 వరకు ఒక్కొక్కటి ఒకసారి, సున్నా మాత్రం రెండుసార్లు ఉన్న 32 విలువలను ఊహించండి. రెండుసార్లు వచ్చినది సున్నా ఒక్కటే కనుక బాహుళకం సున్నా. సగటు 108.28, క్రమవిచలనం 29.19, గుణకం 3.71. తోక ఎడమవైపు, సున్నా దాకా ఉండగా గుణకం పెద్ద ధన సంఖ్యగా వచ్చింది. అదే జాబితాకు మధ్యగతం 114.5, రెండవ సూత్రం −0.64 ఇస్తుంది, దాని గుర్తు తోక ఉన్న వైపే చూపుతుంది. విలువల్లో ఎక్కువ భాగం ఒక్కోసారి మాత్రమే వచ్చే జాబితాలో, లేదా రెండు తరగతులు సమాన పౌనఃపున్యంతో శిఖరం కోసం పోటీపడే పట్టికలో, బాహుళకం ఉన్న సూత్రాన్ని నేను అసలు వాడను.